వేలికొన వెచ్చబడితే: తలనొప్పికి బయోఫీడ్‌బ్యాక్, సీబీటీ

(మన సొసైటీ ఆరోగ్య ఆదివారం కార్యక్రమంలో చేసిన ప్రసంగం, సభ్యుల కోరికపై)

భోజనాలకి ముందు మమ్మల్ని మాట్లాడమన్నారు. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు తలనొప్పి గురించి మాట్లాడటం కొంచెం ప్రమాదమే. అది ఎందుకో చివర్లో చెప్తాం.

మేమిద్దరం తలనొప్పి క్లినిక్‌లో పనిచేస్తాం. మాలో ఒకరు మందులు రాసేవారు, ఇంకొకరు సైకాలజీ చదివినవారు. మన తెలుగువాళ్ళు క్లినిక్‌కి వచ్చినప్పుడు మొదటివారి దగ్గర బాగానే కూర్చుంటారు. రెండోవారి గదికి వెళ్ళమంటేనే ముఖం మారిపోతుంది. "అంటే నా నొప్పి నిజం కాదంటారా?" అని అడుగుతారు. నొప్పి నిజమే. మైగ్రేన్ మెదడుకీ నరాలకీ సంబంధించిన జబ్బు, అందులో అనుమానం లేదు. ఆ నరాల వ్యవస్థలో కొంత భాగం మన సాధనకి లొంగుతుంది. ఎంతవరకు లొంగుతుంది, ఎవరికి లొంగుతుంది అన్నదే ఇవాళ్టి విషయం.

చేతికీ తలకీ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. 1960ల చివర్లో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో, మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్, ఆలిస్ గ్రీన్ దంపతులు, డాక్టర్ జోసెఫ్ సార్జెంట్ మైగ్రేన్ ఉన్నవారికి చేతులు వెచ్చబరచుకోవడం నేర్పించడం మొదలుపెట్టారు. ప్రయోగశాలలో ఒకావిడకి మైగ్రేన్ తగ్గుతున్న సమయంలోనే చేతుల ఉష్ణోగ్రత గబగబా పెరగడం వాళ్ళ కంటపడింది. దాంతో ఈ ఆలోచన పుట్టింది. చేతుల్లోకి రక్తం వస్తే తలలో ఒత్తిడి తగ్గుతుందని అప్పట్లో అనుకున్నారు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మనం బెదిరినప్పుడు, హడావుడిలో ఉన్నప్పుడు వేళ్ళలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేళ్ళు చల్లబడతాయి. ఒళ్ళు నెమ్మదిస్తే అవి తెరుచుకుని వేళ్ళు వెచ్చబడతాయి. కాబట్టి వేలికొన ఉష్ణోగ్రత లోపలి హడావుడికి ఒక కొలత అన్నమాట. మైగ్రేన్‌కి ఎక్కువగా ఈ పద్ధతి వాడతాం. నుదురు, మెడ బిగుసుకుపోయే టెన్షన్ తలనొప్పికి కండరాల బిగువును కొలిచే ఈఎంజీ పద్ధతి వాడతాం. నుదుటి మీద మూడు చిన్న బిళ్ళలు అంటిస్తే కండరం ఎంత బిగిసిందో తెర మీద గీతగా కనిపిస్తుంది.

సెషన్లు ఎలా జరుగుతాయో ఒక కథగా చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇందులోని అక్కయ్య ఒక్క మనిషి కాదు. మా దగ్గరికి వచ్చిన చాలామందిని కలిపి, ఎవరూ గుర్తుపట్టకుండా ఒకరిగా చేసి చెప్తున్నాం.

అక్కయ్యకి 44 ఏళ్ళు. ఐటీలో ప్రాజెక్ట్ మేనేజరు. డిగ్రీ చదివే రోజుల నుంచి మైగ్రేన్ ఉంది. ఒకప్పుడు నెలకి రెండుసార్లు వచ్చేది, ఇప్పుడు సగం రోజులు నొప్పే. నెలకి 15 రోజులు, అంతకంటే ఎక్కువగా, మూడు నెలలు దాటి తలనొప్పి ఉంటే దాన్ని దీర్ఘకాలిక తలనొప్పి అంటాం. మాత్రలు ఎన్ని వేసుకుంటారని అడిగితే "నెలకి ఓ నాలుగైదు" అన్నారు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నారు. నాలుగు వారాలు డైరీ రాయమన్నాం. రోజుకి ఒక్క గీత చాలు: నొప్పి ఉందా, పదికి ఎంత, ఏ మాత్ర, ఎన్ని గంటలకి పడుకున్నారు, భోజనం మానేశారా. 28 రోజుల డైరీలో 18 నొప్పి రోజులు తేలాయి. మాత్ర వేసుకున్న రోజులు 14.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది కథ ఇక్కడే చిక్కుపడుతుంది. ఆవిడ వాడుతున్నది నొప్పి మందుతో కెఫీన్ కలిసిన మాత్ర. ఇక్కడ మందుల షాపులో దొరికేది ఒకటి, ఇండియా వెళ్ళినప్పుడు సూట్‌కేస్‌లో స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా తెచ్చుకున్నది ఇంకొకటి. ఇలాంటి కలగలుపు మాత్రలు, ట్రిప్టాన్లు నెలకి 10 రోజులు, ఆ పైన వాడుతూ పోతే ఆ మాత్రే తలనొప్పిని పెంచుతుంది. వట్టి నొప్పి మాత్రకి ఆ హద్దు 15 రోజులు. ఈ స్థితిలో ఉన్నవారికి బయోఫీడ్‌బ్యాక్ మొదలుపెడితే ఫలితం తక్కువ. ఒకవైపు నీళ్ళు తోడుతుంటే ఇంకోవైపు కుళాయి తిప్పి ఉంచినట్టు. అందుకే మొదట మాత్రలు తగ్గించే పని పెట్టుకున్నాం. న్యూరాలజిస్టు నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు ఒకటి మొదలుపెట్టి, నొప్పి మాత్రని వారానికి రెండు రోజులకి కట్టడి చేశారు. మొదటి రెండు వారాలు నొప్పి ఇంకా పెరిగింది. అలా పెరుగుతుందని ముందే చెప్పి ఉండటం వల్ల ఆవిడ మానెయ్యలేదు. దయచేసి ఈ పని మీ అంతట మీరు చెయ్యకండి. కొన్ని మందులు హఠాత్తుగా ఆపకూడదు.

మూడో వారంలో మొదటి సెషన్. వారానికి ఒకటి, సుమారు 50 నిమిషాలు, మొత్తం పది. కుర్చీ వెనక్కి వాలేది. కుడిచేతి వేలికి బియ్యపు గింజంత సెన్సరు, గాలి ఆడే టేపుతో అంటించాం. టేపు బిగుతుగా చుడితే రక్తం ఆగి వేలు చల్లబడుతుంది, వదులుగా ఉంటే సెన్సరు గదిలోని గాలిని కొలుస్తుంది. చలికాలంలో పార్కింగ్ నుంచి నడిచి వచ్చినవారిని పది పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, లేకపోతే మనం కొలిచేది మంచునే. గది 72 డిగ్రీలు ఉంది, ఆవిడ వేలు 77. ఐదు నిమిషాలు ఏమీ చెయ్యకుండా చూశాం. తరవాత వందలోంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పమన్నాం. లెక్క తప్పకూడదన్న కంగారుకే వేలు మూడు డిగ్రీలు పడిపోయింది. తెర చూసి ఆవిడే ఆశ్చర్యపోయారు. "ఇంత చిన్నదానికేనా?" అన్నారు. అంతకుముందు ఆవిడని అడిగితే తనకి టెన్షనే లేదని చెప్పారు.

ఆ తరవాత వెచ్చబరచుకోమన్నాం. ఆవిడ పట్టుదలగా ప్రయత్నించారు, వేలు ఇంకో డిగ్రీ చల్లబడింది. దాదాపు అందరికీ ఇలాగే జరుగుతుంది. ఐఐటీ ర్యాంకులు తెచ్చుకున్నవారికి మరీ జరుగుతుంది. ప్రయత్నం అంటేనే హడావుడి, హడావుడి అంటేనే చల్లని వేళ్ళు. నిద్ర పట్టించుకోవాలని గట్టిగా పూనుకుంటే నిద్ర పారిపోతుంది కదా, ఇదీ అంతే. అందుకని ప్రయత్నించమని చెప్పం, గమనించమని చెప్తాం. పొట్టతో నెమ్మదిగా ఊపిరి, నిమిషానికి ఆరు దాకా. "చేతులు బరువుగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి" అని మనసులో అనుకోవడం. ఇంగ్లీషులో అనుకుంటుంటే ఆవిడకి ఆఫీసు గుర్తొచ్చేది. తెలుగులో అనుకోమన్నాం. చిన్నప్పుడు చలికి కట్టెల పొయ్యి దగ్గర చేతులు కాచుకున్న జ్ఞాపకాన్ని ఆవిడే వెతుక్కున్నారు. మూడో సెషన్లో వేలు 88కి వచ్చింది. ఐదో సెషన్లో పన్నెండు నిమిషాల్లో 94. సాధారణంగా మేం పెట్టే గురి 95. కొందరికి ఈ అంకె వర్తించదు. రేనాడ్స్ అనే జబ్బు ఉన్నవారికి, మైగ్రేన్‌కే ఇచ్చే ప్రొప్రనలాల్ వంటి మందు వాడేవారికి చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి. వాళ్ళకి వాళ్ళ మొదటి కొలత నుంచి ఎంత పెరిగిందన్నదే చూస్తాం.

ఆరో సెషన్ నుంచి తెర ఆపేశాం. ఇది ముఖ్యం. ముందు ఆవిడ తన వేలి ఉష్ణోగ్రత ఎంతో ఊహించి చెప్తారు, తరవాత తెర చూపిస్తాం. ఊహా, కొలతా దగ్గరపడుతున్నాయంటే యంత్రం లేకుండానే ఒళ్ళు తెలుస్తోందన్నమాట. ఇంట్లో రోజుకి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు సాధన. వేలికి అంటించుకునే చిన్న థర్మామీటరు చవకగానే దొరుకుతుంది. ఆ పైన రోజులో చాలాసార్లు ఒక్కో నిమిషం: ఎర్ర లైటు దగ్గర, మీటింగు లింకు తెరుచుకునేలోపు. నొప్పి పూర్తిగా పట్టేశాక ఇది పెద్దగా పనిచెయ్యదు. మెడ పట్టినట్టు ఉండటం, ఆవలింతలు, చిరాకు లాంటి తొలి సూచనల దగ్గర పనిచేస్తుంది. ఒకాయన వేడి కాఫీ కప్పు పట్టుకుని 95 తెచ్చి ఇంటి లెక్క రాసుకొచ్చారు. అంకె వచ్చింది గాని తలనొప్పి అలాగే ఉంది.

ఇప్పుడు సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఇది ఇంకో గదిలో జరిగే ఇంకో వైద్యం అనుకోవద్దు. అదే 50 నిమిషాల్లో సగం ఇదే. అక్కయ్య డైరీలో ఒక గురువారం మీద పడ్డాం. రాత్రి పదింటికి హైదరాబాద్ టీంతో కాల్. సాయంత్రం ఐదింటికి కుడి కణత దగ్గర చిన్న లాగుడు. అప్పుడు మనసులో ఏమనుకున్నారని అడిగాం. "అయిపోయింది, ఇవాళ కాల్ పోయినట్టే, రేపు కూడా లేవలేను." ఆ మాట తరవాత ఏం చేశారు? మాత్ర వేసుకున్నారు, వంట మానేశారు, దవడ బిగించుకుని పని ముగించాలని కూర్చున్నారు. లాగుడు వచ్చిన రోజులు డైరీలో ఎన్నో ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. ఆ నెలలో 11. వాటిలో నిజంగా మంచం పట్టించినవి నాలుగు. "ఎప్పుడూ ఇంతే" అన్న మాట 11లో 4 అని తేలింది. దాని బదులు ఆవిడ తన మాటల్లోనే ఒకటి రాసుకున్నారు: "ఇది పెద్దది కావచ్చు, కాకపోనూ వచ్చు. ముందు తిని, ఇరవై నిమిషాలు కూర్చుని, అప్పుడు చూస్తా." రాసుకుని ఊరుకోవడం కాదు, నాలుగు గురువారాలు అలా చేసి చూసి లెక్క తేవాలి. మాట నిజమో కాదో డైరీయే చెప్పాలి. "అంతా మంచే జరుగుతుందనుకోండి" అని ఊదరగొట్టడం సీబీటీ కాదు.

ఆదివారాల సంగతి కూడా అలాగే తేలింది. వారమంతా ఆరింటికి లేచి, ఆదివారం తొమ్మిదిన్నరకి లేస్తే కాఫీ మూడున్నర గంటలు ఆలస్యం, టిఫిను ఇంకా ఆలస్యం. ఆవిడ ఆదివారపు నొప్పి అదే. విశ్రాంతి తీసుకున్న రోజే నొప్పి ఏమిటి, నా ఖర్మ, అని బాధపడేవారు. ఏడింటికి లేవడంతో అందులో చాలావరకు పోయింది.

ఇక ఫలితం. పది సెషన్లయ్యేసరికి 18 నొప్పి రోజులు 10 అయ్యాయి, మాత్ర రోజులు 14 నుంచి 6. ఇంకో ఆరు నెలలకి నొప్పి రోజులు 7. నెలసరి ముందు వచ్చే రెండు రోజుల మైగ్రేన్ మాత్రం ఏమీ మారలేదు. దానికి మందే పనిచేసింది. ఇందులో మందు వాటా ఎంత, సాధన వాటా ఎంత అని ఒక్క మనిషిని చూసి చెప్పలేం. అందుకే పెద్ద పరిశోధనలు కావాలి. ఒహాయోలో కెన్నెత్ హోల్‌రాయిడ్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తరచుగా మైగ్రేన్ వచ్చే 232 మంది పాల్గొన్నారు. మంచి నొప్పి మందుకి తోడు రోజువారీ బీటా బ్లాకర్ మందు ఒక్కటే చేర్చినా, ఇలాంటి శిక్షణ ఒక్కటే చేర్చినా అదనంగా పెద్ద తేడా రాలేదు. రెండూ కలిపి ఇచ్చినవారికే స్పష్టంగా తగ్గింది. 2001లో అదే బృందం దీర్ఘకాలిక టెన్షన్ తలనొప్పి మీద చేసిన అధ్యయనంలోనూ రెండూ కలిపినవారే ముందున్నారు. కాబట్టి "మందులు మానేసి ఇది చేస్తాను" అని వచ్చేవారికి మేం చెప్పేది, ఈ రెండిటికీ పోటీ పెట్టకండి అని. గర్భంతో ఉన్నవారు, గర్భం కోసం చూస్తున్నవారు, మందులు పడనివారు మాత్రం దీన్నే మొదటి దారిగా పెట్టుకోవచ్చు.

ఇదే హోల్‌రాయిడ్ 1984లో చేసిన ఇంకో ప్రయోగం మాకు చాలా ఇష్టం. టెన్షన్ తలనొప్పి ఉన్న కాలేజీ విద్యార్థులకి నుదుటి కండరం బిగువు తగ్గించడం నేర్పుతున్నామని చెప్పారు. నిజానికి వాళ్ళలో కొందరికి, వాళ్ళకే తెలియకుండా, బిగువు పెంచడం నేర్పారు. అలాగే కొందరికి "మీరు బాగా చేస్తున్నారు" అని తెర చూపించింది, కొందరికి "అంతంతమాత్రం" అని చూపించింది. తరవాత చూస్తే, కండరం వదులైందా బిగిసిందా అన్నదాన్ని బట్టి తలనొప్పి తగ్గలేదు. బాగా చేస్తున్నారని తెలిసినవారికి సగానికి పైగా తగ్గింది, మిగతావారికి నాలుగో వంతు. అయితే ఇదంతా ఉత్త నమ్మకమేనా అని మీరు అడగవచ్చు. మేం అలా చూడం. నొప్పి మీద నా చేతిలో ఏమీ లేదనుకునే మనిషి మొదటి లాగుడుకే బెదిరిపోతాడు, మాత్ర మీద మాత్ర వేస్తాడు, పనులు మానుకుంటాడు. నా పని వల్ల ఏదో కదులుతోందని కళ్ళారా చూసినవాడు వేరేలా నడుచుకుంటాడు. అక్కయ్య గురువారాలు మారడానికి ముందే తెర మీద ఆ 77 కాస్తా 88 అయింది. అది చూడకపోతే ఆవిడ నాలుగు గురువారాల పరీక్షకి ఒప్పుకునేవారు కాదని మా అనుమానం.

ఎవరికి ఎక్కువ మేలు? అందరికంటే ముందు పిల్లలకి. వాళ్ళకి తెర ఒక ఆట, రెండో సెషన్‌కే వేళ్ళు వెచ్చబరచేస్తారు. సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో 10 నుంచి 17 ఏళ్ళ లోపు 135 మందిపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అందరికీ ఒకే మందు ఇచ్చి, కొందరికి బయోఫీడ్‌బ్యాక్ కలిసిన సీబీటీ పది సెషన్లు, మిగతావారికి తలనొప్పి గురించిన పాఠాలు అంతే సమయం ఇచ్చారు. నొప్పి రోజులు సగానికి పైగా తగ్గినవారు సీబీటీ గుంపులో 66 శాతం, రెండో గుంపులో 36 శాతం. పిల్లల విషయంలో తల్లిదండ్రులకి కూడా ఇంటిపని ఇస్తాం: గంట గంటకీ "ఇప్పుడెలా ఉంది నాన్నా?" అని అడగడం మానాలి. ప్రేమతోనే అడుగుతారు, కానీ ప్రతిసారీ పిల్లవాడి ధ్యాస నొప్పి మీదికే వెళ్తుంది. నొప్పి ఉన్నా వీలైనంతవరకు బడికి పంపాలి. ఈ మాట బామ్మలకి చెప్పేటప్పుడు మాకు కాస్త ధైర్యం కావాలి.

పెద్దవాళ్ళలో నొప్పి వచ్చి పోతూ ఉండేవారికి, ఒత్తిడితోనో నిద్రతోనో సంబంధం కనిపించేవారికి, ఇంట్లో సాధన చేసేవారికి మంచి ఫలితం. రోజంతా, ప్రతిరోజూ, ఒక్క గంట కూడా వదలని నొప్పి ఉన్నవారికి తక్కువ. తీవ్రమైన డిప్రెషన్ ఉంటే ముందు దానికి వైద్యం చెయ్యాలి. క్లస్టర్ తలనొప్పికి ఇది సరిపోదు. ఇంట్లో సాధన చెయ్యనివారికి పది సెషన్లూ డబ్బు దండగే. ఐదారు సెషన్ల తరవాత కూడా వేలు కదలక, డైరీ కదలకపోతే మేమే ఆపేసి కారణం వెతుకుతాం. ఎక్కువసార్లు దొరికేది మళ్ళీ ఆ మాత్రల డబ్బానే.

ఇంకొకటి, ఇవి ఉంటే మా దగ్గరికి కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి: పిడుగు పడ్డట్టు క్షణాల్లో వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం. యాభై దాటాక జీవితంలో మొదటిసారి తలనొప్పి మొదలైతే ముందు డాక్టరు పరీక్ష చెయ్యాలి.

ఎక్కడ దొరుకుతుందంటే, బీసీఐఏ అనే సంస్థ బయోఫీడ్‌బ్యాక్ చేసేవారికి ధ్రువపత్రం ఇస్తుంది, వాళ్ళ జాబితాలో మీ ఊరివారిని వెతకవచ్చు. ఇన్సూరెన్సుకి ఫోన్ చేసి 90901 కోడ్‌కి కవరేజ్ ఉందా అని అడగండి. ఊరికే "బయోఫీడ్‌బ్యాక్" అంటే అవతలివారు తికమకపడతారు. సీబీటీకి వేరేగా అడగాలి.

కిందటిసారి ఒక మాస్టారు అడిగారు, నేను ముప్పై ఏళ్ళుగా ప్రాణాయామం చేస్తున్నాను, నాకు ఇదెందుకు అని. ఊపిరి భాగం దాదాపు అదే. నిజంగా వదిలి కూర్చోగలిగితే వేలు అందుకు సాక్ష్యం చెప్తుంది. ఆయన్నే కూర్చోబెట్టి చూశాం, నాలుగు నిమిషాల్లో 95 దాటింది. ఆయనకి మా తెర అక్కర్లేదు. ఆయన లోటంతా పగలు, సాధన ముగిశాక, కారెక్కిన దగ్గర్నుంచి. ఆయనకి నేర్పింది ఆ ఒక్క నిమిషం సాధన, కొంచెం సీబీటీ.

చివరిగా మొదట దాచిన మాట. భోజనం ఆలస్యం కావడం మైగ్రేన్‌ని రేపే కారణాల్లో ముఖ్యమైనది. ఏకాదశి, కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవారిలో కొందరికి సాయంత్రానికి నొప్పి వస్తుంది. అందులో ఆకలి వాటా ఎంతో, మానేసిన కాఫీ వాటా ఎంతో డైరీ చూస్తే తెలుస్తుంది. ఉపవాసం మానమని మేం అనం. రెండు వారాల ముందు నుంచే కాఫీని కొంచెం కొంచెం తగ్గించుకోండి, నీళ్ళు తాగే నియమమైతే తాగండి, పండ్లు, పాలు చెల్లేవారు వేళకి తీసుకోండి. అలా చేసినా ప్రతిసారీ నొప్పి వస్తుంటే మీ డాక్టరుతో మాట్లాడండి.

డైరీ కాగితాలు వెనక బల్ల మీద పెట్టాం, నాలుగు వారాలకి సరిపడా ఉన్నాయి. ఇప్పటికే ఒంటిగంట దాటింది. ప్రశ్నలు వడ్డన దగ్గర అడగండి, తింటూ చెప్తాం.